అక్షరాలు రాని పిల్లలకు కంటి పరీక్ష

"మా పాప నేలమీద పడ్డ సూదిని కూడా ఏరి ఇస్తుందండీ. ఆ మిషనే ఏదో తప్పు చెప్పి ఉంటుంది" అన్నదొక తల్లి. పాపకు నాలుగేళ్లు. బాలబడిలో పిల్లల కళ్లు చూసిన ఫోటోస్క్రీనరు, పాపను కంటి డాక్టరుకు చూపించమన్నది.

తల్లి మాటా నిజమే. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపూ పాపకు సూది కనబడుతుంది. అయితే ఆ చూపు ఒక్క కంటిదేనా, రెండింటిదీనా అన్నదే తేలాలి.

అక్షరాలు రాని పిల్లలకు బొమ్మల చార్టు ఉన్నది. ఫిన్లండు దేశపు డాక్టరు లియా హ్యువారినెన్ 1976లో తయారుచేసిన చార్టులో యాపిల్, ఇల్లు, గుండ్రం, చదరం ఉంటాయి. పాపను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, 10 అడుగుల దూరంలో చార్టు పెట్టి, అవే బొమ్మలున్న కార్డు చేతికిస్తాము. పేరు చెప్పనక్కరలేదు, వేలుపెట్టి చూపితే చాలు. నాలుగేళ్ల పిల్లలు ఒక్కొక్క కంటితో విడివిడిగా 6/12 వరుసలో ఎక్కువ బొమ్మలు గుర్తించాలి. రెండు కళ్లకూ రెండు వరుసల తేడా ఉన్నా అనుమానించవలసిందే.

మొదట తల్లి తన అరచేతితో పాప కుడికన్ను మూసింది. పాప చకచకా చిన్న బొమ్మలు కూడా చూపింది. వేళ్ల సందుల్లోంచి కుడికన్నే చూస్తోంది! ఈ పరీక్షలో తరచు జరిగే పొరపాటు ఇదే. అంటుకునే పట్టీ వేసి మళ్లీ చూశాము. ఎడమకన్ను మూస్తే పాప కిమ్మనలేదు, 6/9 దాకా చూపింది. కుడికన్ను మూయగానే ఏడ్చి పట్టీ పీకబోయింది. బుజ్జగించి చూస్తే ఎడమకంటికి 6/24 మాత్రమే.

ఫోటోస్క్రీనరు మూడడుగుల దూరంనుంచి కంటికి కనబడని పరారుణ కాంతిని పంపి, కనుపాపలోంచి తిరిగివచ్చిన వెలుగును బట్టి పవరునూ మెల్లనూ అంచనా కడుతుంది. పిల్లలు జవాబు చెప్పనక్కరలేదు. కాని అది కొలిచేది చూపును కాదు, చూపు చెడగొట్టే కారణాలను. గదిలో వెలుతురెక్కువై కనుపాప చిన్నదైతే కొలత రాదు. దూరదృష్టి ఉన్న పిల్లలు కన్ను బిగించి చూస్తే పవరు తక్కువగా కనబడుతుంది. అందుకే దాని కొలతతో కళ్లజోడు రాయము. చుక్కలమందు వేసి పరీక్షించాలి.

అలా చేస్తే పాపకు కుడికంటికి ప్లస్ 1, ఎడమకంటికి ప్లస్ 4.5 అని తేలింది. ఎడమకంటి మసకబొమ్మను మెదడు పట్టించుకోవడం మానేసింది. దీన్నే అంబ్లియోపియా అంటాము. కళ్లజోడుతో నాలుగు నెలల్లో ఆ కన్ను 6/15కి వచ్చింది. తర్వాత రోజుకు రెండు గంటలు కుడికంటికి పట్టీ వేయించాము. ఏడాది తిరిగేసరికి 6/9 వచ్చింది. ఏడేళ్లు దాటితే ఈ బాగుపడటం మందగిస్తుంది.

మీ పిల్లల కళ్లు పరీక్షించేటప్పుడు అరచేయి అడ్డం పెట్టనివ్వకండి, పట్టీ వేయమనండి. ఒక కన్ను మూసినప్పుడే పేచీ పెడితే అది అల్లరి అనుకోకండి.