మూత తీయమంటారా, వద్దంటారా?

హైదరాబాద్‌లో ఒక పల్లపు కాలనీ. రాత్రి పదకొండు దాటింది, వాన తగ్గడం లేదు. నైట్ డ్యూటీలో ఉన్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒకాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడనుకుందాం. ఫోన్లో పై అధికారి: “అరగంటలో రోడ్డు మీద నీళ్లుండొద్దు. ఎట్లా చేస్తారో మీ ఇష్టం.” అదే ఫోన్లో సాయంత్రం వచ్చిన ఆదేశం: మాన్‌హోల్ మూతలు తీయొద్దు, ఎవరినీ లోపలికి దింపొద్దు. కాలనీవాళ్లు అప్పటికే గడ్డపార తెచ్చారు. “లేపుదామా సార్? పది నిమిషాలల్ల గుంజుకపోతది” అంటున్నాడు కార్మికుడు.

గుంజుకుపోయే మాట నిజమే, కానీ కాసేపే. వాననీటి కాలువ వేరు, మురుగు పైపు వేరు. ఇళ్ల మురుగుకు సరిపడా వేసిన పైపులోకి వీధి నీళ్లన్నీ వదిలితే, అది నిండి దిగువ వీధి ఇళ్ల బాత్‌రూముల్లోంచి పైకి తంతుంది. పైగా మూత తీసిన గుంత నీళ్లలో కనబడదు. ఆ దారిన వచ్చే మనిషికి రోడ్డెక్కడో, గోతి ఎక్కడో తెలియదు. జలమండలి చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా మూత తీయడం నేరం కూడా.

ఇక మనిషిని దింపడం. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మురుగులోకి దింపితే మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. “వాసన రావట్లేదు, పర్లేదు” అనే ధీమా ప్రాణం తీస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు ముందే మొద్దుబారిపోతుంది మరి.

అందుకే అనుభవమున్న ఇన్‌స్పెక్టర్ ముందు రోడ్డు అంచున క్యాచ్‌పిట్ జాలీ కోసం వెతుకుతాడు. పాలిథిన్ కవర్లు, కొబ్బరి బోండాలు, ఆకులు చేరి దాన్ని మూసేస్తాయి. ఒడ్డునుంచే పొడవాటి కర్ర కొక్కెంతో లాగిస్తాడు. అక్కడ నీళ్లు సుడి తిరిగితే దారి దొరికినట్టే. మాన్‌హోల్ మూత పక్కన నీళ్లు బుడగలతో ఎగదన్నుతుంటే మురుగు లైన్ నిండినట్టు. అక్కడ తాడు కట్టి, మనిషిని కాపలా పెట్టి, జలమండలికి కబురు చేస్తాడు.

పై అధికారికి మాత్రం ఫోన్లో వాదించడు. “జాలీ తీయించాం, మాన్‌హోల్ మూత తీయలేదు, మోటారు పంపు కావాలి” అని టైముతో సహా మెసేజ్ పెడతాడు. నోటిమాటగా వచ్చిన ఆదేశం తెల్లారితే ఎవరిదీ కాదని, సంతకం చేసే చిన్న ఉద్యోగి మెడకే చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు.

జాలీ తీసినా సుడి పడకపోతే దిగువ నాలాయే నిండిందన్నమాట. అప్పుడు ఏ మూత తీసినా నీళ్లు పోవు. పంపు పెట్టినా ఆ నీళ్లు వదలడానికి చోటుండాలి. ఇక చేయగలిగింది గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లను మేడ మీదికి పంపించి, కరెంటు ఆపించడమే.