ధర పెరగకుండా సరఫరా షరతులు మార్చుకోవడం: ఒక బేకరీ ఉదాహరణ

పరిచయం

సరుకు ధర గురించి బేరమాడటం అందరికీ తెలిసినదే. సరుకు ఎన్ని రోజులకొకసారి రావాలి, ఎంత బస్తాలో రావాలి అన్నవి కూడా బేరంలో భాగమే. ఈ భాగంలో రేపల్లెలోని ఒక చిన్న బేకరీ యజమాని తెనాలి పిండిమిల్లు యజమానిని ఈ రెండు మార్పులు ఎలా అడగాలో లెక్కతో సహా తెలుసుకుందాం. బేకరీ, మిల్లు, ధరలు లెక్క కోసం అనుకున్నవి.

1. సమస్య

బేకరీలో రోజుకు 30 కిలోల మైదా ఖర్చవుతుంది. మిల్లు నాలుగు వారాలకొకసారి 50 కిలోల బస్తాలు 17 పంపుతుంది. కిలో 36 రూపాయలు. డబ్బు 30 రోజుల తరువాత చెల్లించాలి. వానాకాలంలో తీరప్రాంతపు చెమ్మకు అడుగు బస్తాల్లో పిండి ఉండలు కడుతుంది, పురుగు పడుతుంది. విప్పిన బస్తాలో సగానికి దగ్గరగా మర్నాటికి మిగిలిపోతుంది. అందువల్ల వారానికొకసారి, చిన్న బస్తాల్లో పిండి రావాలని యజమాని కోరిక.

2. మిల్లు యజమాని ఎందుకు కాదంటాడు?

తెనాలి నుంచి రేపల్లెకు వ్యాను ఒకసారి రావడానికి 1,200 రూపాయలు అవుతుందనుకోండి. ఇప్పుడు అది కిలోకు 1.41 రూపాయలు పడుతోంది. నాలుగు వారాల్లో నాలుగుసార్లు వస్తే 4,800 రూపాయలు, అంటే కిలోకు 5.71 రూపాయలు. కాబట్టి "రేటు పెంచాలి" అనడంలో అతని తప్పు లేదు. మీరు తగ్గించవలసింది అతని లాభాన్ని కాదు, ఈ ఖర్చును.

ఇందుకు మార్గం దారిలో ఉంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలోనే వేమూరు, భట్టిప్రోలు ఉన్నాయి. అక్కడి దుకాణాలు మరో మూడు వారానికి ఇంతే పిండి తీసుకుంటే ఒక్కో ట్రిప్పులో 840 కిలోలు వెళతాయి. అప్పుడు రవాణా కిలోకు 1.43 రూపాయలు, దాదాపు పాత ఖర్చే. అయితే "బాపట్ల వెళ్లే వ్యానులో మాదీ వేయండి" అని అడిగితే పని జరగదు. బాపట్లకు పొన్నూరు మీదుగా వెళ్లే దారి వేరు.

3. బస్తా పరిమాణం: 25 కాదు, 30

చిన్న బస్తా అనగానే చాలామంది 25 కిలోలు అడుగుతారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన పిండిపై 5 శాతం జీఎస్‌టీ ఉంది. అంతకు మించిన బస్తాపై లేదు. 840 కిలోలకు ఆ పన్ను 1,512 రూపాయలు. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న బేకరీకి ఆ పన్ను తిరిగి రాదు. 30 కిలోల బస్తాకు ఈ భారం లేదు. పైగా రోజుకొక బస్తా సరిగ్గా సరిపోతుంది.

4. ప్రతిఫలంగా ఏమివ్వాలి?

చిన్న బస్తాల వల్ల మిల్లుకు కొంత అదనపు ఖర్చు ఉంటుంది. 50 కిలోల ఖాళీ బస్తా 20 రూపాయలు, 30 కిలోలది 15 రూపాయలు, హమాలీ బస్తాకు 6 రూపాయలు అనుకుందాం. 17 బస్తాలకు బదులు 28 పంపితే 146 రూపాయలు ఎక్కువవుతుంది.

దీనికి బదులుగా అరువు గడువు తగ్గించండి. ఈ వారం పిండికి వచ్చే వారం వ్యాను వచ్చినప్పుడు డబ్బు ఇవ్వండి. నెలకు 1 శాతం వడ్డీ చొప్పున, 30,600 రూపాయలు 30 రోజులు ఆగితే మిల్లుకు 306 రూపాయల నష్టం. వారం అరువులో అది దాదాపు 71 రూపాయలే. అతనికి మిగిలే 235 రూపాయలు ఆ 146 రూపాయలను మించుతాయి. మీకూ ఇబ్బంది లేదు. పాత పద్ధతిలోనైనా, కొత్త పద్ధతిలోనైనా ఆ పిండితో చేసిన సరుకు అమ్ముడయ్యాకే డబ్బు చెల్లిస్తారు.

అడిగే తీరు ఇలా ఉండవచ్చు: "రేటు తగ్గించమని అడగడం లేదండీ. మీ వ్యాను మంగళవారం రేపల్లె వచ్చేటట్టయితే ఏడు బస్తాలు, ముప్పై కిలోలవి, దింపండి. దారిలో మరో ముగ్గురు కూడా తీసుకుంటామన్నారు. పోయిన వారం డబ్బు అప్పుడే చేతికిస్తాను."

5. జాగ్రత్తలు

ధర పెరగకపోయినా భారం వేరే రూపంలో రావచ్చు. వారం వారం బిల్లు వేస్తే ఏ వారం రేటు ఆ వారానిదే అవుతుంది. అందుకే నాలుగు వారాలకు ఒకే రేటు అని ముందే రాయించుకోవాలి. ప్రతి లోడులో ఒక బస్తా తూచాలి. పిండి రకం మారిందేమో కూడా చూడాలి. అలవాటైన కొలత నీళ్లకే ముద్ద జారుగా అయితే మిల్లును అడగాలి.

ఈ ఒప్పందానికి ఒక పరిమితి ఉంది. పక్క దుకాణాలు కలవకపోతే వారపు సరఫరా లెక్క నిలవదు. అప్పుడు రెండు వారాలకొకసారి అడగడం మేలు. 30 కిలోల బస్తా మిల్లులో ఇప్పటికే వాడుకలో ఉందో లేదో కూడా ముందు కనుక్కోవాలి. లేకపోతే మీ ఒక్కరికోసం బస్తాలు అచ్చు వేయించడం మిల్లుకు గిట్టదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. నలుగురిలో ఒక దుకాణం తప్పుకుంటే కిలోకు రవాణా ఖర్చు ఎంతవుతుంది?
2. ఆ పెరుగుదల నాలుగు వారాల్లో మీ 840 కిలోలపై ఎంత? అరువు గడువు తగ్గించడం వల్ల మిల్లుకు మిగిలేది దానికి సరిపోతుందా?