ఆగక తప్పని ఆట

ఇద్దరు వంతులవారీగా x²y³, xy⁷ లాంటి పదాలు కాగితం మీద రాస్తూ పోతున్నారనుకోండి. నియమం ఒక్కటే: ముందు రాసిన ఏ పదానికైనా గుణిజమయ్యే పదం రాయకూడదు. x²y³ రాశాక x⁵y³ చెల్లదు, xy¹⁰⁰⁰ చెల్లుతుంది. ఈ ఆట ఎప్పటికీ సాగుతుందా?

సాగదు. మొదటి పదం x²y³ అయితే, ఆపై రాసే ప్రతి పదంలోనూ x ఘాతం 2 కంటే తక్కువైనా కావాలి, y ఘాతం 3 కంటే తక్కువైనా కావాలి. గళ్ల కాగితం మీద చూస్తే రెండు నిలువు వరసలు, మూడు అడ్డు వరసలే మిగిలాయి. ఏ వరసలోనైనా ఒక గడి నింపితే, అదే వరసలో తర్వాత నింపేది దానికంటే సున్నా వైపుకే ఉండాలి. అలా దిగుతూ పోతే ఐదు వరసలూ అయిపోతాయి. ఎన్ని ఎత్తుల్లో అన్నది మాత్రం ముందే చెప్పలేం. xy¹⁰⁰⁰ తర్వాత xy⁹⁹⁹, xy⁹⁹⁸ అంటూ వెయ్యి ఎత్తులు సాగదీయవచ్చు.

ఈ ఆటలోనే ఒక పెద్ద సిద్ధాంతం దాగి ఉంది. కొన్ని బహుపదుల గుంపులో ఏ రెండింటిని కూడినా, దేన్ని ఏ బహుపదితో గుణించినా ఫలితం ఆ గుంపులోనే ఉంటే దాన్ని ఐడియల్ అంటారు. అందులో లెక్కలేనన్ని బహుపదులుంటాయి. అయినా వాటన్నిటినీ పుట్టించడానికి పరిమిత సంఖ్యలో కొన్ని చాలని డేవిడ్ హిల్బర్ట్ 1890లో ప్రచురించాడు.

ఎందుకు చాలు? ప్రతి బహుపదిలోనూ అన్నిటికంటే పెద్ద ఘాతమున్న పదాన్ని (ఘాతాల మొత్తం సమానమైతే x ఎక్కువున్నదాన్ని) ముందు పదం అందాం. ఐడియల్‌లోని బహుపదులను ఒక్కొక్కటిగా ఎంచుకుందాం, కొత్తదాని ముందు పదం పాతవాటి ముందు పదాలకు గుణిజం కాకుండా. ఇది మన ఆటే, కాబట్టి ఎంపిక ఆగిపోతుంది. ఇక ఐడియల్‌లో ఏ బహుపదిని తీసుకున్నా, దాని ముందు పదం ఎంచుకున్నవాటిలో ఒకదాని ముందు పదానికి గుణిజమే. తగిన గుణిజాన్ని తీసేస్తే ముందు పదం చిన్నదవుతుంది. మళ్లీ తీసేస్తే ఇంకా చిన్నదవుతుంది. చివరికి సున్నా. గుణకాలను భాగించగలగడమే ఇక్కడి ఆధారం, అందుకే వాటిని ఫీల్డ్ నుంచి తీసుకున్నాం.

ఒకదానికంటే ఒకటి పెద్దగా పెరిగే ఐడియళ్ల గొలుసు ఎక్కడో ఆగాలన్నది దీని మరో రూపం. గొలుసంతా కలిపినా ఐడియలే. దాన్ని పుట్టించే ఆ కొన్ని బహుపదులూ గొలుసులో ఏదో ఒక మెట్టుకల్లా వచ్చేసి ఉంటాయి. ఆ తర్వాత పెరగడానికేమీ ఉండదు. 1921లో ఎమ్మీ నోథర్ ఈ నియమాన్నే పునాదిగా తీసుకుంది. చలరాశులు అనంతంగా ఉంటే మాత్రం x₁, ఆపై x₂, ఆపై x₃ చేరుస్తూ గొలుసు ఎప్పటికీ పెరుగుతుంది.

ఇక్కడొక పొరపాటు జరుగుతుంటుంది. ఐడియల్‌ను x²−y, xy−1 పుట్టిస్తే ముందు పదాలు x², xy రెండే చాలనిపిస్తుంది. కానీ మొదటిదాన్ని yతో, రెండోదాన్ని xతో గుణించి తీసేస్తే x−y² మిగులుతుంది. దాని ముందు పదం y², కొత్తది. దాన్నీ చేర్చుకోవాలి. 1965లో బ్రూనో బుక్‌బెర్గర్ చూపిన పద్ధతి ఇదే. చేర్చిన ప్రతిసారీ ఆటలో ఒక ఎత్తు పడినట్టే కాబట్టి అది ఆగుతుంది. ఇక్కడ మూడుతోనే ఆగింది. గళ్ల కాగితం మీద ఇంకా ఖాళీగా మిగిలినవి 1, x, y. x²=y, xy=1 రెండింటినీ తృప్తిపరిచే సంకీర్ణ సంఖ్యల జతలు కూడా సరిగ్గా మూడే.