మూకుడులో మిగిలిన నూనె

సంక్రాంతి పిండివంటలయ్యాక మూకుడులో అరలీటరు దాకా నూనె మిగులుతుంది. పారబోయడానికి చేయి రాదు. మళ్లీ వాడొచ్చా అంటే, అందులో ఏం వేయించారన్నది ముందు చూడాలి. జంతికలు, చెక్కలు వేయించిన నూనె కాస్త తేటగానే ఉంటుంది. అరిసెలు వేశారంటే బెల్లం పాకం తునకలు అడుగున మాడి, నూనె ఒక్క పూటలోనే నల్లబడుతుంది. అందుకే జంతికలు ముందు, అరిసెలు చివర వేయించడం మేలు.

వేడి, గాలి, పిండిలోని తడి కలిసి నూనెను విరగ్గొడతాయి. అలా పుట్టేవాటిని పోలార్ కాంపౌండ్లు అంటారు. నూనెలో ఇవి 25 శాతం దాటితే వంటకు వాడకూడదన్న నిబంధన మన దేశంలో 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. వాటిని కొలిచే మీటరు ఇంట్లో ఉండదు కాబట్టి లెక్క సులువుగా పెట్టుకోవాలి. అసలు మళ్లీ కాచకపోవడమే మంచిదనీ, తప్పనప్పుడు మూడుసార్లకు మించొద్దనీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సలహా. ఆ మూడు కూడా గరిష్ఠమే. చేపలు వేయించిన నూనెకు నా లెక్కలో ఒక్కసారే ఎక్కువ.

నూనె చెడిందని నమ్మకంగా చెప్పేది నురగ. తడిపిండి వేయగానే వచ్చే పెద్ద బుడగలు చిట్లిపోతాయి, వాటితో బెంగ లేదు. చెడిన నూనెలో సన్నటి నురగ పుట్టి, గారె తీసేసినా పోకుండా అంచుల దాకా పొంగుతుంది. ఇదివరకు పొగ రాని మంట మీదే నీలిబూడిద రంగు పొగ వచ్చినా, చల్లారాక నూనె జిగటగా సాగినా, కనరు వాసన కొట్టినా దాని పని అయిపోయినట్టే. రంగును మాత్రం పూర్తిగా నమ్మొద్దు. కారం, పసుపు తగిలినా నూనె ఎర్రబడుతుంది.

వడకట్టాలంటే నూనె గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. ముందు స్టీలు జల్లెడలో, తర్వాత తడి లేని పల్చటి నూలుగుడ్డలో వంపి, అడుగు మడ్డిని వదిలేయాలి. ఇంకా మసకగా ఉంటే మొక్కజొన్న పిండి చిట్కా ఉంది. అరలీటరు నూనెకు అరకప్పు నీళ్లలో రెండు టేబుల్‌స్పూన్ల పిండి కలిపి, బాగా చల్లారిన నూనెలో పోసి, సన్నసెగ మీద పది నిమిషాలు కలపాలి. మరగనిస్తే చిమ్ముతుంది, జాగ్రత్త. పిండి ముద్దకడుతూ తునకలను తనలో పట్టేసుకుంటుంది. దాన్ని తీసేసి మళ్లీ వడకట్టాలి.

ఇంత చేసినా పోయేది మాడిన పొట్టే. విరిగిన నూనె బాగవదు. కొత్త నూనె కలిపినా అంతే, పాతది కొత్తదాన్నీ త్వరగా చెడగొడుతుంది. వడకట్టినదాన్ని మూతబిగువు స్టీలు డబ్బాలో, వెలుతురు తగలని చోట ఉంచి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు, కూరలకు వాడేయాలి. ఇనుప, రాగి పాత్రల్లో పోస్తే ఆ లోహాల వల్ల త్వరగా కనరెక్కుతుంది.

పారేయాల్సి వస్తే సింకులో పోయొద్దు, గొట్టంలో పేరుకుపోతుంది. చల్లారాక సీసాలో పోసి మూత బిగించి చెత్తబండికి ఇవ్వండి.