ఒకే గొంతులో ఆశ, అనుమానం

వీధిలో టపా బండి బూర మోగుతుంది. గుండె ఎగిరిపడుతుంది. ‘నీకు ఉత్తరమేదీ లేదు కదా, ఎందుకీ తొందర?’ అని లోపలే మరో గొంతు అడుగుతుంది. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో కట్టిన ‘వింటర్‌రైజ’ అనే 24 పాటల మాలికలో పదమూడోదైన ‘డీ పోస్ట్’ కథ ఇదే. కవి విల్హెల్మ్ ముల్లర్. పాడేది ఒక్కరే, తోడు పియానో.

రెండు గొంతులనూ షూబర్ట్ స్వరాలతోనే విడదీశాడు. మొదటి చరణం మేజర్‌లో ఉంటుంది. పియానో బూర పిలుపునూ గుర్రాల పరుగునూ వినిపిస్తుంది. తర్వాత ఒక్కసారిగా అంతా ఆగుతుంది. ఆ చిన్న నిశ్శబ్దం దాటాక రెండో చరణం మైనర్‌లో మొదలవుతుంది. మన సంగీతంలో చెప్పాలంటే, షడ్జమం అదే, అంతర గాంధారం ఉన్నచోటికి సాధారణ గాంధారం వచ్చింది. అంత చిన్న మార్పుతోనే ఆశ అనుమానమవుతుంది.

మూడో చరణంలో బండి వచ్చింది ప్రియురాలి ఊరి నుంచేనని గుర్తొచ్చి మేజర్ తిరిగి వస్తుంది. అక్కడికి వెళ్లి ఎలా ఉందో అడగాలనుందా అన్న నాలుగో చరణం మళ్లీ మైనర్‌లోకి జారుతుంది. జవాబు రాదు, కానీ పాట మేజర్‌లోనే ముగుస్తుంది.

గాయకుడికి ఇక్కడే చిక్కు. రెండు గొంతులకు రెండు వేషాలు కడితే ఇద్దరు మనుషుల వాదులాటలా వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి దాటేస్తే అనుమానం పుట్టిన క్షణమే వినపడదు. గొంతు మార్చకుండా, ఆ విరామాన్ని పూర్తిగా నిలిపి పాడినప్పుడే ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకుంటున్నాడని తెలుస్తుంది.