దాచిన స్టెప్పు

థేల్స్ సిద్ధాంతం వచ్చా అని అడిగితే పదో తరగతి పిల్లల్లో చాలామంది కళ్లు మూసుకుని అప్పజెబుతారు. పుస్తకంలో దాని పేరు ప్రాథమిక అనుపాత సిద్ధాంతం. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విభజిస్తుందన్నది దాని సారాంశం. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అన్నీ వరస తప్పకుండా వస్తాయి. అదే పిల్లాడికి బొమ్మను తలకిందులు చేసి, ABC బదులు PQR అని పేరు పెట్టి ఇస్తే పెన్ను మూడో వరస దగ్గర ఆగుతుంది. కొందరైతే ఆగరు కూడా. బొమ్మలో A అనే బిందువే లేకపోయినా ‘త్రిభుజం ADE వైశాల్యం’ అని ధీమాగా రాసుకుంటూ పోతారు.

ఈ రోగానికి కొందరు టీచర్లు వాడే మందు చాలా చవక. ఒక కాగితం పట్టీ చాలు. ఉపపత్తిని వరసకో స్టెప్పు చొప్పున, పక్కన కారణంతో సహా రాసుకోవాలి. ఒక్క వరసను పట్టీతో మూసేయాలి. పైన ఏం తెలుసో, కింద ఏం కావాలో చూసి మధ్యలో ఏముండాలో విద్యార్థి కట్టుకోవాలి. అది కుదిరాక ఇంకో వరస, తర్వాత రెండు, చివరికి దత్తాంశమూ బొమ్మా తప్ప అన్నీ పట్టీ కిందికి పోతాయి.

థేల్స్ సిద్ధాంతంతోనే చూద్దాం. త్రిభుజం ABCలో AB మీద D, AC మీద E ఉన్నాయి. DE, BCకి సమాంతరం. AD/DB = AE/EC అని చూపాలి. పుస్తకాల్లో ఉండే ఉపపత్తిని కుదిస్తే ఆరు వరసలవుతుంది.

ఒకటి: BE, CD కలపాలి. రెండు: E నుంచి ABకి EN, D నుంచి ACకి DM అనే లంబాలు గీయాలి. మూడు: త్రిభుజాలు ADE, BDEల వైశాల్యాల నిష్పత్తి AD/DB, రెండింటికీ EN ఒక్కటే ఎత్తు కనుక. నాలుగు: ADE, CDEల వైశాల్యాల నిష్పత్తి AE/EC; రెండింటికీ DM ఎత్తు కనుక. అయిదు: BDE, CDEల వైశాల్యాలు సమానం, రెండూ DE అనే ఒకే భూమి మీద, DE, BC అనే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి కనుక. ఆరు: కాబట్టి AD/DB = AE/EC.

మొదట మూయాల్సింది ఆరో వరసను. ఇది తేలిక. మూడు, నాలుగు వరసల్లో పైన ఉన్నది ఒకే ADE. కింద ఉన్న వైశాల్యాలు సమానమని అయిదో వరస చెప్పింది. ఇక నిష్పత్తులు సమానం కాక తప్పదు. ఇలా చివర నుంచి వెనక్కి రావడంలో ఒక సుఖముంది. దారి దాదాపు అంతా కళ్ల ముందే ఉంటుంది, నడవాల్సింది ఒక్క అడుగే.

తర్వాత నాలుగో వరస. పుస్తకాలు ఇక్కడ ‘అదేవిధంగా’ అని ఒక్క మాటతో దాటేస్తాయి. ఆ మాట చాలా అజ్ఞానాన్ని కప్పిపెడుతుంది. పట్టీ వేసి అడిగితే ఇక్కడ రెండు రకాల తప్పులు బయటపడతాయి. ఒకటి, భుజం మారినా ఎత్తును మార్చకుండా మళ్లీ EN అనే రాయడం. రెండు, ADEని మళ్లీ BDEతోనే భాగించడం. రెండూ పై వరసను చూసి కాపీ కొట్టిన గుర్తులే.

ఈ దశలో పిల్లలు అడిగే మంచి ప్రశ్న ఒకటుంది. మామూలుగా గీసే బొమ్మలో EN వచ్చి A, D మధ్య పడుతుంది. అంటే త్రిభుజం BDEకి అది బయటే ఉంది. బయట ఉన్న గీత లోపలి త్రిభుజానికి ఎత్తు ఎలా అవుతుంది? ఎత్తు అంటే శీర్షం నుంచి భూమి ఉన్న రేఖకు గల లంబ దూరం. భూమి DBని A వైపు పొడిగిస్తే ఆ రేఖ మీదే N ఉంది. ఈ సందేహం రాకుండా మూడో వరస వప్పజెప్పిన పిల్లాడి కంటే, సందేహం వచ్చి ఆగిన పిల్లే నయం.

అసలు సిసలు వరస అయిదోది. దీన్ని మూసినప్పుడు పట్టే సమయం మిగతావాటి కంటే ఎక్కువ, పట్టాలి కూడా. పైన రెండు నిష్పత్తులున్నాయి, కింద అవి సమానమని ఉంది. మధ్యలో లేనిది BDE, CDEల మధ్య సంబంధం అని కనిపెట్టడం సగం పని. అది ఎందుకు నిజమో చెప్పడం మిగతా సగం. ఇక్కడ దత్తాంశం వైపు మళ్లీ చూడాలి: ఇచ్చినవాటిలో ఇంతవరకూ వాడనిది ఏముంది? DE, BCకి సమాంతరమన్నది. మూడు, నాలుగు వరసలకు దానితో పనే లేదు.

నమ్మకం కుదరకపోతే అంకెలతో చూడొచ్చు. AD 2 సెం.మీ., DB 3 సెం.మీ. అనుకుందాం. E మాత్రం AC మధ్యబిందువు. అంటే DE వంకరగా పోతుంది, BCకి సమాంతరం కాదు. ADE వైశాల్యం 6 చదరపు సెం.మీ. అయితే మూడో వరస ప్రకారం BDE 9, నాలుగో వరస ప్రకారం CDE 6. రెండు వరసలూ తప్పుకాదు. కూలింది అయిదోది మాత్రమే, 9కీ 6కీ పొంతన లేదు. ఇప్పుడు Eని AE, EC నిష్పత్తి కూడా 2కు 3 అయ్యే చోటికి జరిపి, ADE వైశాల్యం ఎంతయితే దాన్ని x అనుకుంటే, BDE, CDE రెండూ ఒకటిన్నర x అవుతాయి. ఉపపత్తి బరువంతా ఒక్క వరస మీద ఎలా నిలబడిందో ఈ చిన్న లెక్క చూపిస్తుంది.

ఈ అయిదో వరస వయసు తక్కువేమీ కాదు. సిద్ధాంతానికి థేల్స్ పేరున్నా, వైశాల్యాల దారిలో నడిచే ఈ ఉపపత్తి యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ ఆరో పుస్తకంలో రెండో ప్రతిపాదనగా ఉంది. ఒకే భూమి మీద, ఒకే సమాంతరాల మధ్య ఉన్న త్రిభుజాలు సమానమన్నది మొదటి పుస్తకంలోని 37వ ప్రతిపాదన. యూక్లిడ్ అక్కడ కట్టి ఉంచిన ఇటుకను ఇక్కడ తెచ్చి పెట్టాడు.

దాచిన వరసలో విద్యార్థి వేరేదేదో రాస్తే? అది పుస్తకంలో మాటలతో సరిపోవాలన్న పట్టు అక్కర్లేదు. రెండు ప్రశ్నలు వేస్తే చాలు. రాసినది పై వరసల నుంచి, ఇదివరకు నిరూపించిన వాటి నుంచి వస్తుందా? దాని నుంచి కింది వరస వస్తుందా? ఉదాహరణకు అయిదో వరసలో, B నుంచీ C నుంచీ DE రేఖకు ఉన్న దూరాలు సమానం కనుక వైశాల్యాలు సమానం అని రాస్తే అది పూర్తి మార్కుల జవాబే.

తెలివైన పిల్లలు చేసే ఒక తప్పు మాత్రం ఈ రెండు ప్రశ్నల్లో మొదటిదానికే దొరుకుతుంది. ‘ADE, ABC సరూప త్రిభుజాలు కాబట్టి భుజాల నిష్పత్తులు సమానం’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తప్పు పట్టుకోవడం టీచరుకూ కష్టమే. కానీ కోణాలు సమానమైతే త్రిభుజాలు సరూపాలన్న నియమాన్ని పాఠ్యపుస్తకం కొన్ని పేజీల తర్వాత నిరూపిస్తుంది. దానికి ఆధారంగా చూపేది ఈ థేల్స్ సిద్ధాంతాన్నే. కూర్చున్న కొమ్మకు ఆ కొమ్మే ఆధారమన్నట్టు అయింది వ్యవహారం. అందుకే ఈ సాధన చేసేటప్పుడు, ఈ పాఠం వరకు ఏయే సిద్ధాంతాలు చేతిలో ఉన్నాయో పక్కన రాసుకోమని అనుభవమున్న టీచర్లు చెబుతారు.

ఆఖరున మూయాల్సినవి మొదటి రెండు వరసలు, అంటే నిర్మాణం. చాలా పుస్తకాలు దీన్ని ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఇచ్చేస్తాయి. BE ఎందుకు కలపాలి? AD, DB ఒకే సరళరేఖ మీది ముక్కలు. వాటి నిష్పత్తిని ఇంకోచోటికి మోసుకెళ్లాలంటే, వాటిని భూములుగా చేసి ఒకే శీర్షానికి రెండు త్రిభుజాలు కట్టాలి. ఎత్తు ఒకటే కనుక వైశాల్యాల నిష్పత్తి భూముల నిష్పత్తే అవుతుంది. ఆ శీర్షం ఎక్కడుండాలి? ACతో లంకె పడాలి కాబట్టి E దగ్గర. కింది నాలుగు వరసలూ చేతికి వచ్చిన విద్యార్థి మాత్రమే ఈ జవాబు చెప్పగలడు. నిర్మాణాన్ని ముందే దాచి అడగడం గుడ్డిగా గీతలు గీయించడమే అవుతుంది.

పూర్తి లెక్క చూపి, తర్వాత మెల్లగా వరసలు తీసేసే ఈ పద్ధతి మీద పరిశోధనలున్నాయి. 1985లో ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ బీజగణితం లెక్కలతో చూశారు. చేసిన లెక్కలను చదివిన పిల్లలు, అన్నీ సొంతంగా చేసినవాళ్ల కంటే అదే తరహా కొత్త లెక్కల్ని త్వరగా, తక్కువ తప్పులతో చేశారు. ఆ తర్వాత జర్మనీకి చెందిన అలెగ్జాండర్ రెంకెల్, అమెరికాకు చెందిన రాబర్ట్ అట్కిన్సన్ వరసలు దాచే క్రమాన్ని పరిశీలించారు. చివర నుంచి దాచుకుంటూ రావడం బాగుందని మొదట తేలింది. తర్వాతి ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది: ఏ వరస దాస్తే దాని వెనకున్న సూత్రమే ఎక్కువగా పట్టుబడుతోంది. అలాంటప్పుడు ఆరో వరస దగ్గర ఆడుకుంటూ అయిదోదాన్ని ఎప్పటికీ మూయకపోతే లాభమేమిటి?

పట్టీకీ ఒక హద్దుంది. పద్ధతి బాగా తెలిసినవాళ్లకు సగం నింపిన ఉపపత్తి సాయం కాదు, అడ్డం. తమ ఆలోచన వదిలి ఎవరివో వరసలు చదవాల్సి వస్తుంది. అలాంటివాళ్ల ముందు తెల్లకాగితం పెట్టడమే న్యాయం. పట్టీ అవసరం తీరిందో లేదో తెలుసుకోవడానికి అదే పాఠం అభ్యాసంలో ఓ లెక్క దొరుకుతుంది. ట్రెపీజియం ABCDలో AB, DC సమాంతరాలు, కర్ణాలు O దగ్గర కలుస్తాయి. AO/OC = BO/OD అని థేల్స్ సిద్ధాంతంతో చూపాలి. బొమ్మలో సిద్ధాంతం వాడుకోవడానికి పనికొచ్చే రేఖ ఏదీ కనిపించదు.

వరసలు బట్టీ పట్టినవాడు వెంటనే BE, CD కోసం వెతుకుతాడు. నిర్మాణం ఎందుకో అడిగించుకున్నవాడు కాసేపు చూసి, O గుండా DCకి సమాంతరంగా ఒక గీత గీసి, అది ADని తాకిన చోట E అని పెడతాడు. త్రిభుజం ADCలో AE/ED = AO/OC. త్రిభుజం DABలో AE/ED = BO/OD.