కొలిచి పెట్టే ముద్ద

1951లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి మేరీ జోన్స్ అనే తల్లి తన కూతురు షీలాను ఎత్తుకొచ్చింది. పాపకు 17 నెలలు. ఇంకా నిలబడలేదు, మాటలు రాలేదు. తిండి మీద గానీ, చుట్టూ ఉన్నవాళ్ల మీద గానీ ధ్యాస లేదు. పొద్దస్తమానం మూలుగుతూ, ఏడుస్తూ, తల బాదుకుంటూ ఉండేది. హార్స్ట్ బికెల్ అనే యువ వైద్యుడు పరీక్షించి, పీకేయూ అని తేల్చాడు. పూర్తి పేరు ఫినైల్‌కీటోన్యూరియా. దీనికి మందు లేదని చెప్పినా తల్లి ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే ప్రయోగశాల దగ్గర నిలబడి, నా బిడ్డకు ఏం చేస్తారని అడిగేది.

జబ్బు పేరు అప్పటికే తెలుసు. 1934లో నార్వేలో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఇద్దరు అక్కాతమ్ముళ్ల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే అది ముదురాకుపచ్చగా మారింది. ఆ రంగు వెంట వెళ్లి ఆయన జబ్బు మూలాన్ని పట్టుకున్నాడు. పాలు, పప్పు, గుడ్డు, మాంసం, ఏది తిన్నా అందులోని ప్రొటీన్‌లో ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఒంటికి కావలసినంత వాడుకోగా మిగిలినదాన్ని కాలేయంలోని ఒక ఎంజైమ్ టైరోసిన్‌గా మారుస్తుంది. పీకేయూ ఉన్న బిడ్డలో ఆ ఎంజైమ్ పనిచేయదు. మిగిలిన ఫినైల్‌అలనైన్ రక్తంలో పేరుకుపోయి, పెరుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. చర్మానికీ జుట్టుకూ రంగునిచ్చే పదార్థం టైరోసిన్ నుంచే తయారవుతుంది కాబట్టి ఈ పిల్లల జుట్టు తోబుట్టువుల కంటే పాలిపోయి ఉంటుంది.

ఫినైల్‌అలనైన్ లేని ఆహారం పెడితే? లండన్‌లో లూయీ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త అప్పటికే ఒక దారి సూచించి ఉన్నాడు. పాలలోని కేసీన్ ప్రొటీన్‌ను ఆమ్లంతో విడగొట్టి, బొగ్గుపొడి గుండా వడకడితే ఫినైల్‌అలనైన్ బొగ్గుకు అంటుకుపోతుంది. బికెల్, ఆయన సహచరులు జాన్ గెరార్డ్, ఎవలిన్ హిక్‌మన్స్ కలిసి ఆ మిశ్రమాన్ని తయారుచేశారు.

షీలాకు అది పట్టడం మొదలుపెట్టాక రక్తంలో ఫినైల్‌అలనైన్ దిగింది. కానీ పాప బరువు కూడా తగ్గసాగింది. ఫినైల్‌అలనైన్ బొత్తిగా లేకపోయినా ఒళ్లు పెరగదు. అందుకని కొద్దిగా మామూలు పాలు కలిపారు. ఈ వైద్యంలో ఉన్న చిక్కంతా ఆనాడే బయటపడింది. ఎక్కువైతే మెదడుకు చేటు, తక్కువైతే ఒంటికి చేటు.

నెలలు గడిచేకొద్దీ పాప పాకింది, నిలబడింది, కుర్చీలు ఎక్కింది. కళ్లలో మెరుపు వచ్చింది, జుట్టు నల్లబడింది, తల బాదుకోవడం ఆగింది. ఇది ఆహారం మహిమేనా, కాకతాళీయమా? తేల్చుకోవడానికి వైద్యులు తల్లికి చెప్పకుండా పాప ఆహారంలో కొన్ని గ్రాముల ఫినైల్‌అలనైన్ కలిపారు. కొన్ని గంటల్లోనే ఏడుపు, తల బాదుకోవడం మళ్లీ మొదలయ్యాయి. మర్నాటికి నిలబడలేకపోయింది. తర్వాత తల్లి అనుమతితో అదే పరీక్షను మళ్లీ చేసి, చిత్రీకరించి, తోటి వైద్యులకు చూపించారు. తల్లికి తెలియకుండా అలా చేయడం ఈనాడు ఎవరూ ఒప్పుకోని పని. ఆ పాప పడిన బాధే మాత్రం ఈ వైద్యానికి తిరుగులేని రుజువైంది.

అయినా షీలా మెదడుకు అప్పటికే జరిగిన నష్టం పూడలేదు. పుట్టిన కొద్దిరోజుల్లోనే పట్టుకుంటే తప్ప పూర్తి ఫలితం రాదు. చిక్కేమిటంటే, పీకేయూ బిడ్డ పుట్టినప్పుడు నిక్షేపంలా ఉంటుంది. ఏడుస్తుంది, పాలు తాగుతుంది, నిద్రపోతుంది. ఫోలింగ్ చూసిన ఆకుపచ్చ రంగు కనిపించడానికి వారాలు పడుతుంది.

ఈ ముడి విప్పినవాడు అమెరికాలోని బఫెలో నగరానికి చెందిన రాబర్ట్ గత్రీ. ఆయన కొడుకుకు బుద్ధిమాంద్యం ఉంది. భార్య చెల్లెలి కూతురికి పీకేయూ అని ఆలస్యంగా తెలిసింది. సూక్ష్మజీవులతో పనిచేసిన అనుభవం ఆయనకు అక్కరకొచ్చింది. ఒక బాక్టీరియాను పెంచే పళ్లెంలో, దాని ఎదుగుదలను ఆపే రసాయనం కలిపాడు. చాలినంత ఫినైల్‌అలనైన్ దొరికితేనే ఆ అడ్డు తొలగుతుంది. బిడ్డ రక్తం ఇంకి ఆరిన కాగితపు బిళ్లను పళ్లెంలో పెట్టి ఒక రాత్రి ఉంచితే, ఫినైల్‌అలనైన్ ఎక్కువున్న బిళ్ల చుట్టూ బాక్టీరియా వలయంలా పెరుగుతుంది. ఆ వలయం వెడల్పే లెక్క. 1960ల మొదట్లో జరిగిన పెద్ద పరీక్షలో 29 రాష్ట్రాల్లో నాలుగు లక్షల మంది శిశువులను చూస్తే 39 మందిలో జబ్బు బయటపడింది. ఇప్పుడు పళ్లెం స్థానంలో మాస్ స్పెక్ట్రోమీటర్ వచ్చింది. కాగితం మీద రక్తపు చుక్క మాత్రం అలాగే ఉంది.

ఆ చుక్క తీయడానికీ ఒక పద్ధతి ఉంది. మడమ పక్కభాగంలో గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కలు కాగితం మీది వృత్తాల్లో వెనకవైపుకు కూడా ఇంకేలా పెట్టాలి. ఎండలో కాకుండా, గది గాలికి గంటల తరబడి ఆరనివ్వాలి. 24 గంటల లోపు తీస్తే జబ్బు దొరక్కపోవచ్చు. కడుపులో ఉండగా బిడ్డ రక్తంలోని మిగులును తల్లి శరీరమే సరిచేస్తూ వచ్చింది. పుట్టాక పాలు తాగుతుంటేనే అది పెరగడం మొదలవుతుంది. అందుకే రెండో మూడో రోజున తీయడం మంచిది. ఆసుపత్రి నుంచి మొదటిరోజే ఇంటికి పంపేస్తే, మళ్లీ పిలిచి తీయాలి. ఎక్కువని తేలినా అది జబ్బు నిర్ధారణ కాదు, మరోసారి రక్తం పరీక్షించాలి. ఎంజైమ్‌కు తోడ్పడే బీహెచ్4 అనే పదార్థం లోపిస్తే కూడా ఇలాగే కనిపిస్తుంది. దాని చికిత్స వేరు.

నిర్ధారణ అయ్యాక అసలు పని వంటింట్లో మొదలవుతుంది. నాలుగు కిలోల బిడ్డ ఉందనుకుందాం. రక్తపరీక్షలను బట్టి రోజుకు 160 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనైన్ ఇవ్వవచ్చని తేలింది. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 45 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే రోజుకు దాదాపు 350 మిల్లీలీటర్ల తల్లిపాలు. మిగతా ఆకలికి ఫినైల్‌అలనైన్ లేని ప్రత్యేక పాలపొడి. తల్లిపాలు మానాల్సిన పనిలేదు, కొలత తప్పకపోతే చాలు. ప్రతివారం రక్తం చూసి కొలత మారుస్తారు. డెసిలీటరు రక్తంలో రెండు నుంచి ఆరు మిల్లీగ్రాముల మధ్య నిలపాలన్నది లక్ష్యం.

పిల్ల పెద్దదయ్యాక లెక్క ఇంకా కష్టం. ఒక గ్రాము ప్రొటీన్‌లో రమారమి 50 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనైన్ ఉంటుంది. తీవ్రమైన పీకేయూ ఉన్న ఐదేళ్ల పిల్లకు రోజుకు 300 మిల్లీగ్రాములంటే ఆరు గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డుతో రోజు కోటా అయిపోతుంది. ఓ కప్పు అన్నం తింటే మూడింట రెండు వంతులు ఖర్చు. ముద్దపప్పు, పెరుగు, పల్లీచట్నీ ఇంచుమించు మరిచిపోవాల్సిందే. సొరకాయ, గుమ్మడి, సగ్గుబియ్యం, నెయ్యి, బెల్లం మిగులుతాయి. ప్రొటీన్ లోటును చేదుగా ఉండే ఆ పాలపొడే తీర్చాలి. జ్వరమొచ్చి పిల్ల తిండి మానేస్తే, ఫినైల్‌అలనైన్ తగ్గకపోగా పెరుగుతుంది, ఒంట్లోని కండే కరిగి రక్తంలోకి వస్తుంది కనుక. అలాంటప్పుడు పాలపొడి, పిండిపదార్థం ఆపకుండా పట్టాలి. యాస్పర్టేమ్ వాడిన చక్కెరలేని పానీయాలు, చూయింగ్‌గమ్‌లు కూడా నిషిద్ధం. వాటి డబ్బాల మీద పీకేయూ ఉన్నవారికి తగదని ముద్రించి ఉంటుంది.

తెలుగునాట ఈ జబ్బుకు ఇంకో తలుపు ఉంది. తల్లిదండ్రులిద్దరిలోనూ చెడిన జన్యువు ఒక్కో ప్రతి ఉంటే, వాళ్లకు ఏమీ కాదు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం మాత్రం నాలుగింట ఒకటి. మేనరికాల్లో ఒకే తాత నుంచి వచ్చిన జన్యువు రెండువైపుల నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది. మనదేశంలో పుట్టిన ప్రతి శిశువుకూ ఈ పరీక్ష తప్పనిసరి కాదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం పీకేయూను ప్రత్యేక ఆహారంతో చికిత్స చేయగల జబ్బుల్లో చేర్చింది. ఆ ఆహారం మొదలుపెట్టాలంటే ముందు మడమ నుంచి చుక్క తీయాలి.

ఒకప్పుడు ఐదారేళ్లకు ఈ ఆహారం మాన్పించేవారు. మానేసిన పిల్లల్లో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి తగ్గడం చూశాక, జీవితాంతం కొనసాగించమంటున్నారు. అలా మానేసిన ఆడపిల్లలు తల్లులైనప్పుడు మరో సంగతి బయటపడింది. బిడ్డకు పీకేయూ లేకపోయినా, తల్లి రక్తంలోని ఫినైల్‌అలనైన్ గర్భంలోకి దిగి చిన్న తల, గుండె లోపాలు తెచ్చిపెడుతోంది. కాబట్టి పుట్టిన మూడోరోజున చుక్కతో గట్టెక్కిన ఆడపిల్ల, బిడ్డ కావాలనుకున్నప్పుడు గర్భం దాల్చడానికి ముందే రక్తంలో ఫినైల్‌అలనైన్‌ను ఆరు మిల్లీగ్రాముల లోపుకు దించుకుని, కాన్పు దాకా అన్నాన్ని త్రాసులో తూచుకుని తింటుంది.